జీరో ఫీజు అన్నారు, మరి ఆ 35 డాలర్లు ఎక్కడ ఆగాయి?

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఎం.ఎస్. చదువుతోంది. అక్టోబరు 10, శుక్రవారం సాయంత్రం మా బ్యాంకు యాప్‌లో తనకు ఖర్చులకని 3,000 డాలర్లు పంపాను. ‘జీరో ఫీజు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. రేటు 90.30 చూపించింది. అదే సమయానికి గూగుల్‌లో 88.70 ఉంది. నా ఖాతాలోంచి 2,71,234 రూపాయలు పోయాయి. అమ్మాయికి మరుసటి గురువారం 2,965 డాలర్లే పడ్డాయి. ఫోన్‌పేలో క్షణంలో వెళ్లే డబ్బుకు ఆరు రోజులేమిటి? మిగతా 35 డాలర్లు ఎవరు తీసుకున్నారు? ‘మా చుట్టాలబ్బాయి అక్కడే ఉన్నాడు, వాడు మీ అమ్మాయికి డాలర్లు వేస్తాడు, మీరు రూపాయలు ఇక్కడ మాకిచ్చేయండి’ అంటున్నారు పక్కింటివాళ్లు. అలా చేయవచ్చా? యాప్ స్క్రీన్‌షాట్ జత చేస్తున్నాను.
— ఒక రిటైర్డ్ టీచర్, ఖమ్మం

జవాబు:

టీచరు గారూ, స్క్రీన్‌షాట్ పంపి మంచి పని చేశారు. మీ అనుమానాల్లో సగానికి జవాబు అందులోనే ఉంది. బ్యాంకు విదేశీ మారకం విభాగంలో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ని కాబట్టి నా కళ్లు ముందు రేటు మీదికే వెళ్లాయి. మీరు 35 డాలర్ల గురించి బాధపడుతున్నారు గానీ, పెద్ద మొత్తం పోయింది అక్కడ కాదు.

గూగుల్‌లో కనిపించే 88.70 బ్యాంకులు డాలర్‌ను కొనే రేటుకూ అమ్మే రేటుకూ నడిమధ్యన ఉండే అంకె. ఆ రేటుకు మనలాంటి వాళ్లకు డాలర్ ఎవరూ అమ్మరు. అమ్మేవాడు దానిపైన కొంత వేసుకుని అమ్ముతాడు. ఎంత వేసుకున్నాడన్నదే చూసుకోవాలి. మీ యాప్ డాలర్‌కు 1 రూపాయి 60 పైసలు వేసుకుంది. 3,000 డాలర్ల మీద అది 4,800 రూపాయలు. ఫీజు అన్న మాట ఎక్కడా రాకుండానే, రేటులో కలిసిపోయి వెళ్లిపోయింది. ‘జీరో ఫీజు’ అన్నది అబద్ధం కాదు, కాకపోతే షాపువాడు ధర పెంచి డెలివరీ ఫ్రీ అన్నట్టు ఉంటుంది.

మరి న్యాయమైన తేడా ఎంత అంటారా? ఈ మాత్రం మొత్తానికి డాలర్‌కు 40 నుంచి 60 పైసల లోపు అయితే నేను నోరెత్తను. రూపాయి దాటితే ఇంకోచోట అడుగుతాను. ఇందులో ఒక కిటుకుంది. చాలా బ్యాంకులు పొద్దున ఒక రేటు పట్టిక వేసి రోజంతా దాన్నే నడుపుతాయి, దాన్ని కార్డు రేటు అంటారు. మధ్యలో మార్కెట్ ఎటు కదిలినా తాము నష్టపోకూడదని అందులో కాస్త ఎక్కువే కలుపుకుంటాయి. బ్రాంచికి వెళ్లి ‘ఇది కార్డు రేటా, ఇప్పటి మార్కెట్ రేటా? ఫారెక్స్ డెస్క్‌ను ఒక్కసారి అడిగి చెప్పండి’ అంటే, మూడు వేల డాలర్లకు కూడా యాప్ కంటే 50, 60 పైసలు తగ్గించిన సందర్భాలు నాకు తెలుసు. ప్రతిసారీ తగ్గిస్తారని కాదు. అడగని వాళ్లకు మాత్రం ఎప్పుడూ తగ్గించరు.

ఇక మీ ఖాతాలో పోయిన అంకె. 3,000ను 90.30తో గుణిస్తే 2,70,900. మిగిలిన 334 రూపాయలు జీఎస్టీ. డాలర్ కొన్నందుకు పన్నా అని చాలామంది అడుగుతారు. పన్ను డాలర్ మీద కాదు, మార్చి పెట్టిన సేవ మీద. ఆ సేవ విలువను చట్టం ఒక లెక్క ప్రకారం కడుతుంది: మొదటి లక్షకు 1,000 రూపాయలు, ఆ పైన పది లక్షల దాకా ఉన్న మొత్తానికి అర శాతం. మీ విషయంలో అది 1,854 రూపాయల 50 పైసలు అయింది. దానిమీద 18 శాతం వేస్తే 334. ఏ బ్యాంకుకు వెళ్లినా ఇది ఇంచుమించు ఇంతే, దీని గురించి బేరమాడి లాభం లేదు.

ఇప్పుడు ఆ 35 డాలర్ల సంగతి. మీ స్క్రీన్‌షాట్‌లో కింద, చిన్న అక్షరాల్లో Charges అన్న చోట SHA అని ఉంది చూడండి. మీరు దాన్ని ముట్టుకుని ఉండరు, యాప్ తనంతట తానే అలా పెట్టి ఉంచుతుంది. అక్కడ మూడు రకాలుంటాయి. OUR అంటే దారి ఖర్చులన్నీ పంపేవాళ్లవే. BEN అంటే అన్నీ అందుకునేవాళ్లవే. SHA అంటే ఇక్కడి బ్యాంకు ఖర్చు మీది, ఆ తర్వాత దారిలో అయ్యేదంతా అమ్మాయిది. ఖమ్మంలోని మీ బ్యాంకుకు డల్లాస్‌లోని అమ్మాయి బ్యాంకుతో నేరుగా ఖాతా ఉండదు. రెండింటినీ తెలిసిన మూడో బ్యాంకు ఒకటి, తరచుగా న్యూయార్క్‌లోది, మధ్యలో ఉంటుంది. ఆ మధ్య బ్యాంకు తన కూలి కింద వచ్చిన డాలర్లలోంచే 10, 20 కోసుకుని మిగతాది ముందుకు పంపుతుంది. చివర అమ్మాయి బ్యాంకు కూడా బయటినుంచి వైరు రూపంలో డబ్బు వచ్చినందుకు కొంత తీసుకుంటుంది. అమెరికాలో అది చాలా చోట్ల 15 డాలర్ల చుట్టూ ఉంటుంది. మీ 35లో 20 దారిలో, 15 గుమ్మం దగ్గర పోయినట్టు నా లెక్క. అమ్మాయి తన స్టేట్‌మెంట్‌లో Incoming Wire Fee అన్న లైను చూస్తే రెండోది ఖాయంగా తేలిపోతుంది.

OUR పెడితే సరిపోతుందా అంటే, చాలా దేశాలకు సరిపోతుంది. అమెరికాకు మాత్రం OUR పెట్టినా ఒక్కోసారి మధ్య బ్యాంకు కోసేస్తుంది. అందుకే కొన్ని బ్యాంకులు, యాప్‌లు ఇక్కడే కొంత ఎక్కువ తీసుకుని పూర్తి మొత్తం చేరేలా వేరే ఏర్పాటు ఇస్తాయి. Full Value అన్న పేరుతో ఉంటుంది. యూనివర్సిటీకి ఫీజు కట్టేటప్పుడైతే అదే పెట్టండి. ఇరవై డాలర్లు తగ్గి చేరితే ఫీజు బాకీ ఉన్నట్టు చూపించి పిల్లలకు లేనిపోని తలనొప్పి.

ఇవన్నీ విడివిడిగా పోల్చుకుంటూ కూర్చుంటే తల తిరుగుతుంది. నేను ఒకటే భాగహారం చేస్తాను. మన ఖాతాలోంచి పోయిన మొత్తం రూపాయలను, అవతల చేతికి అందిన డాలర్లతో భాగించడం. మీది చూద్దాం: 2,71,234ను 2,965తో భాగిస్తే 91 రూపాయల 48 పైసలు. మీకు డాలర్ నిజంగా పడింది ఈ రేటుకు. 90.30కి కాదు, 88.70కి అంతకన్నా కాదు. మొత్తం మీద 8,200 పైచిలుకు దారిలో పోయింది, అంటే పంపినదాంట్లో నూటికి మూడు రూపాయలు.

అదే రోజు ఇంకో యాప్ రేటు 89.30, ఫీజు వెయ్యి రూపాయలు, దానిపై జీఎస్టీ 180, దారిలో కోత లేకుండా చేరుస్తాం అందనుకోండి. వెయ్యి రూపాయల ఫీజు చూడగానే మనం ఆ యాప్ మూసేస్తాం. కానీ లెక్క కట్టండి. డాలర్లకు 2,67,900, ఫీజు 1,180, మార్పిడి జీఎస్టీ 331, అంతా కలిపి 2,69,411. అమ్మాయి బ్యాంకు తన 15 డాలర్లు తీసుకున్నాక చేతికి 2,985. భాగిస్తే 90 రూపాయల 25 పైసలు. మీ ఖాతాలో 1,823 రూపాయలు మిగిలేవి, అమ్మాయికి 20 డాలర్లు ఎక్కువ అందేవి. ఫీజు ఉన్నదే చవక అయింది. అయితే ఒక మాట, ఈ రెండో యాప్ అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి. మీరు పంపే రోజు రెండు మూడు చోట్ల నిజమైన అంకెలు పెట్టి చూసుకోండి. ఆఖరి బటన్ నొక్కకముందు దాకా వెళ్లి వెనక్కి రావడానికి ఎవరూ డబ్బులడగరు.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రూపాయి బలపడుతుందేమో, రేపు పంపుదాం, ఎల్లుండి పంపుదాం అని టీవీ ముందు కూర్చునేవాళ్లు ఉంటారు. రోజులో ఇరవై పైసలు కదిలితే మీకు కలిసొచ్చేది 600 రూపాయలు. అదే యాప్ మారిస్తే వేలల్లో తేడా. ఎదురుచూపులు మానేసి ఆ పది నిమిషాలు పోల్చడానికి వాడుకోండి. నెలనెలా 500 పంపే బదులు మూడు నెలలకోసారి పంపడం కూడా మంచిదే. ఆ దారి కోత ఐదు వందలకైనా పదిహేను వందలకైనా ఇంచుమించు ఒకటే కాబట్టి, మూడుసార్లు పంపితే మూడుసార్లు 35 పోతాయి.

సరే, ఆరు రోజుల సంగతి. ఫోన్‌పేతో పోల్చారు గనక చెబుతున్నాను, ఫోన్‌పే వెనక ఉన్నది యూపీఐ. మన బ్యాంకులన్నీ ఒకే గొడుగు కింద ఉండి, రాత్రీ పగలూ ఒకే కరెన్సీలో ఇచ్చిపుచ్చుకుంటాయి కాబట్టి క్షణంలో అయిపోతుంది. అమెరికాతో మనకు అలాంటి ముడి లేదు. సింగపూర్‌తో ఉంది, 2023 ఫిబ్రవరిలో అక్కడి చెల్లింపు వ్యవస్థ పేనౌతో యూపీఐని కలిపారు, కొన్ని బ్యాంకుల ఖాతాలకు రోజుకు 60,000 రూపాయల దాకా అలా పంపవచ్చు. మీ అమ్మాయి సింగపూర్‌లో ఉండుంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

అమెరికాకు వెళ్లేది స్విఫ్ట్ దారిలో. స్విఫ్ట్ డబ్బు మోయదు, బ్యాంకుల మధ్య ‘ఫలానా ఖాతాలో ఇంత వేయండి’ అన్న కబురు మోస్తుంది. కబురు అందుకున్న ప్రతి బ్యాంకూ తన పనివేళల్లో తన పుస్తకాల్లో రాసుకోవాలి. మీ స్క్రీన్‌షాట్‌లో సమయం 5:40 అని ఉంది. అప్పటికి న్యూయార్క్‌లో ఉదయం 8:10, వాళ్ల రోజు అప్పుడే మొదలవుతోంది. కానీ మీ బ్యాంకులో విదేశీ మారకం పని ఆ రోజుకు కట్టేశారు. చాలా బ్యాంకులకు ఈ గడువు మధ్యాహ్నం ఒంటిగంట, మూడింటి మధ్య ఉంటుంది. యాప్ సాయంత్రం కూడా డబ్బు తీసుకుంటుంది, రసీదు కూడా ఇస్తుంది, పని మాత్రం మర్నాటికి పెట్టుకుంటుంది. మర్నాడు రెండో శనివారం, సెలవు. ఆదివారం సరే. సోమవారం మనవాళ్లు పంపారు, ఆ రోజు అక్టోబరు రెండో సోమవారం, అమెరికాలో కొలంబస్ డే. అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వుకు సెలవు, డాలర్ల వైరు నడవదు. అంటే మంగళవారం దాకా మీ డబ్బు అసలు కదలలేదు. మంగళ, బుధ, గురు మూడు రోజులూ మామూలు ప్రయాణమే. అదే డబ్బు ఒక్కరోజు ముందు, 9వ తేదీ గురువారం ఉదయం 11 గంటలకు పంపి ఉంటే, చాలావరకు శుక్రవారమే చేరి ఉండేది.

ఇక్కడ రేటు గురించి ఒక మెలిక ఉంది, గమనించండి. గడువు దాటాక పంపితే కొన్ని యాప్‌లు మీకు చూపించిన రేటుకే కట్టుబడతాయి, కొన్ని మర్నాటి రేటు వేస్తాయి. షరతుల్లో ఒక లైను ఉంటుంది. మీకు చూపిన 90.30నే వేశారని మీ అంకెలు చెబుతున్నాయి, ఆ వరకు ఫర్వాలేదు.

డబ్బు పంపాక ఇంకా రాలేదని అమ్మాయి ఫోన్ చేస్తే కస్టమర్ కేర్‌కు ‘ఎప్పుడొస్తుంది’ అని అడగకండి. ‘పనిలో ఉందండీ’ అంటారు. UETR నంబరు ఇవ్వండి అని అడగండి. స్విఫ్ట్‌లో వెళ్లే ప్రతి చెల్లింపుకూ అక్షరాలు, అంకెలు, మధ్యలో గీతలతో 36 స్థానాల గుర్తింపు ఉంటుంది. దాంతో ఏ బ్యాంకు దగ్గర ఆగిందో, ఎంత కోశారో మీ బ్యాంకే చూడగలదు. అమ్మాయి ఆ నంబరు తన బ్యాంకుకు ఇచ్చి అక్కడ కూడా వెతికించవచ్చు.

ఆలస్యం కంటే పెద్ద ప్రమాదం డబ్బు తిరిగి రావడం. ఇది నా ఇంట్లోనే జరిగింది. మా పెద్దవాడు అమెరికా వెళ్లిన కొత్తలో వాట్సాప్‌లో తన బ్యాంకును గుర్తుపట్టే రౌటింగ్ నంబరు పంపాడు. నేను అదే కొట్టాను. అమెరికా బ్యాంకులు కొన్నిటికి జీతాలు వేసే ఏసీహెచ్‌కు ఒక రౌటింగ్ నంబరు, వైరుకు వేరేది ఉంటాయి. రెండూ తొమ్మిదంకెలే, చూస్తే తేడా తెలియదు. నాది ఏసీహెచ్‌ది. తొమ్మిది రోజులు తిరిగి డబ్బు వెనక్కి వచ్చింది. పంపేటప్పుడు అమ్మే రేటు, తిరిగొచ్చాక కొనే రేటు, పైగా దారి కోత. 2,000 డాలర్లకు ఐదు వేల రూపాయలకు పైగా పోయాయి. జీవితమంతా ఇతరులకు ఇదే చెప్పినవాణ్ని, మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

పేరు కూడా అంతే. మనం ఇంటిపేరును ఒక్క అక్షరంలోకి కుదించి రాస్తాం. అమెరికా ఖాతా పాస్‌పోర్టు ప్రకారం తెరుస్తారు, అక్కడ ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పిల్లలకు ముందు FNU, అంటే మొదటి పేరు తెలియదు, అని కూడా వచ్చి ఉంటుంది. అమ్మాయిని తన బ్యాంకు యాప్‌లో ‘ఇన్‌కమింగ్ వైర్’ వివరాల పేజీ స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి. అందులో ఎలా ఉంటే అలాగే, అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. ఆ ఖాతా అక్కడి సహకార బ్యాంకు లాంటి క్రెడిట్ యూనియన్‌లోది అయితే, చాలా వాటికి సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు, మధ్యవర్తి బ్యాంకు వివరాలు విడిగా ఇస్తారు. అవి కూడా కావాలి.

పన్ను సంగతి రెండు ముక్కల్లో. మీరు పంపేదంతా, మనలాంటి వాళ్లను విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కిందికి వస్తుంది. పాన్ మీద, ఒక్కో మనిషికి, ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి. మీకు అది అడ్డు రాదు. చూసుకోవాల్సింది పది లక్షల రూపాయల గీత. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి పది లక్షల దాకా టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను, లేదు. ఆ గీతను అన్ని బ్యాంకుల్లోనూ పంపినది కలిపి చూస్తారు. దాటిన మొత్తం మీద, కుటుంబ పోషణ కింద పంపితే 20 శాతం పట్టుకుంటారు, చదువు కింద పంపితే అంతకంటే చాలా తక్కువ. అందుకే యాప్ ‘పర్పస్’ అడిగినప్పుడు చేతికందింది నొక్కకండి. ఫీజు, హాస్టల్, చదువుకు సంబంధించిన బతుకు ఖర్చు అయితే S0305, కుటుంబ పోషణ అయితే S1301. మీరు S1301 నొక్కారు. పది లక్షల లోపు ఏదైనా ఒకటే గానీ, జనవరిలో సెమిస్టర్ ఫీజు కట్టేటప్పుడు ఇది గుర్తుండాలి. అప్పుడు అడ్మిషన్ లెటర్, ఫీజు రసీదు అడుగుతారు, దగ్గర పెట్టుకోండి. పట్టుకున్న టీసీఎస్ మునిగిపోయిన డబ్బు కాదు, రిటర్న్ వేసేటప్పుడు కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. అందాకా మాత్రం ప్రభుత్వం దగ్గర ఇరుక్కుంటుంది. బ్యాంకులో చదువు రుణం తీసుకుని ఆ డబ్బే పంపితే ఈ టీసీఎస్ అసలు లేదు.

పక్కింటివాళ్ల మాట. వద్దండి. వాళ్లు మంచివాళ్లే అయి ఉండవచ్చు, రేటు కూడా గూగుల్ రేటే ఇస్తారు, కోత ఉండదు. అందుకే మన ఊళ్లలో ఇది ఇంత మామూలైపోయింది. కానీ ఇక్కడ రూపాయలు, అక్కడ డాలర్లు అని బ్యాంకు లేకుండా మార్చుకోవడం విదేశీ మారకాన్ని నియంత్రించే ఫెమా చట్టం మూడో సెక్షన్‌కు విరుద్ధం. జరిమానా ఆ మొత్తానికి మూడింతల దాకా వేయవచ్చు. చట్టం మాట పక్కన పెట్టినా, నన్ను భయపెట్టేది వేరే. ఆ అబ్బాయి అమ్మాయికి జెల్ అనే అక్కడి చెల్లింపు సేవలో వేసిన డాలర్లు ఎవరి ఖాతానో దోచి తెచ్చినవైతే, బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాక్కుంటుంది, అమ్మాయి ఖాతా మూసేయవచ్చు కూడా. వీసా మీద ఉన్న పిల్లకు ఆ గొడవ ఎందుకు? చుట్టాలబ్బాయి తానే సంపాదించి వేస్తున్నాడో, నలుగురి డాలర్లు తిప్పుతున్నాడో మీకు తెలిసే దారి లేదు.

డిసెంబరు ఒకటిన అమ్మాయి అద్దె కట్టాలనుకుంటాను. నవంబరు నాలుగో గురువారం, అంటే 27న, అక్కడ థాంక్స్‌గివింగ్ సెలవు. కాబట్టి 20వ తేదీ గురువారం ఉదయం 11 గంటల లోపు పంపండి. ముందురోజే రెండు యాప్‌ల అంకెలు రాసుకుని, ఆ భాగహారం చేసి, Charges దగ్గర SHA మార్చారో లేదో చూసుకుని అప్పుడు నొక్కండి.